నలభై ఒక్క ఖాళీ గడులు

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. పెద్ద డాక్టర్ల నుంచి స్ట్రెచరు తోసేవాళ్ళ దాకా ఆసుపత్రిలో అందరూ ఆమెను కామా అక్క అనే పిలిచేవారు. రికార్డుల గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె చేసేది ఒకటే పని. రోగి ఇంటికి వెళ్ళే రోజున డాక్టరు గబగబా రాసిచ్చిన కాగితాన్ని శుభ్రంగా టైపు చేసి, డిశ్చార్జి సారాంశంగా వార్డుకు పంపాలి. మొదట్లో టైపు మిషను మీద కొట్టేది, తర్వాత కంప్యూటరు వచ్చింది. డాక్టర్ల చేతిరాత మాత్రం ఎప్పటిలాగే ఉండిపోయింది.

ఆ పేరు ఆమె ఉద్యోగంలో చేరిన రెండో ఏట వచ్చింది. ఒక డాక్టరు ‘ఇన్సులిన్ పొద్దున పది యూనిట్లు రాత్రి వద్దు బీపీ మాత్ర’ అని రాసి ఇంటికి వెళ్ళిపోయాడు. వద్దన్నది రాత్రి ఇన్సులినా, బీపీ మాత్రా? తోటి టైపిస్టు ఏదో ఒకటి కొట్టేసి పంపమంది. ఈమె ఆ డాక్టరు ఇంటికి ఫోను చేసి, భోజనం దగ్గర నుంచి లేపి, కామా ‘రాత్రి’ తర్వాత పెట్టాలా ‘వద్దు’ తర్వాత పెట్టాలా అని అడిగింది. ఆయన మొదట విసుక్కున్నాడు. తర్వాత ఆ వాక్యం మళ్ళీ చదవమన్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా, వద్దు తర్వాతే పెట్టమనీ, బీపీ మాత్ర ఆపకూడదనీ చెప్పాడు. మర్నాడు ఆయనే ఈ సంగతి నలుగురికీ చెప్పి నవ్వాడు. అప్పటి నుంచి ఆమె కామా అక్క.

ఇంట్లో భర్త, అత్తగారు ఉండేవారు. భర్త బస్సుల డిపోలో మెకానిక్కు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలడు గానీ పక్కన మనిషి మాట్లాడితే మూడోసారికి గాని వినడు. అత్తగారికి ఎనభై ఒకటి. చెవులు బాగా పనిచేసేవి, నోరు ఇంకా బాగా పనిచేసేది. ముందు ఏడాది ఆవిడ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది. కాగితంలో కొత్త బీపీ మాత్ర పేరు ఉంది, పాతది ఆపమని ఎక్కడా లేదు. ఆవిడ రెండూ వేసుకుంది. ఆరో రోజు పొద్దున స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడింది. ఎముక విరగలేదు గానీ నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. ఆ కాగితం కామా అక్క టైపు చేసింది కాదు, వేరే ఆసుపత్రిది. అయినా అత్తగారు కొంతకాలం ఆమె వైపు అదోలా చూస్తూనే ఉంది.

సంగతి ఇలా ఉండగా ఆసుపత్రిలో కొత్త పద్ధతి పెట్టాలని తీర్మానించారు. ఇంతకు ముందు సారాంశమంటే ఒక పేజీ నిండా ఆపకుండా పారే వచనం. రోగి ఎందుకు వచ్చాడు, ఏం చూశారు, ఏం చేశారు, ఏం వాడాలి, ఎప్పుడు రావాలి, అన్నీ ఒకే గంపలో ఉండేవి. ఇక మీదట వచ్చిన జబ్బు గురించి పైన నాలుగు ముక్కలు రాసి, కింద నాలుగు భాగాలు తప్పనిసరిగా ఉండాలన్నారు. మందులు, మళ్ళీ రావలసిన తేదీ, జాగ్రత్త పడవలసిన లక్షణాలు, ఇంకా ఫలితం రాని పరీక్షలు. కంప్యూటర్లో ఒక్కో భాగానికి ఒక్కో గడి. ఏ గడి ఖాళీగా ఉన్నా కాగితం సేవ్ కాదు, తెర మీద ఎర్రగీత పడుతుంది.

ఈ పనికి పైన ఉన్నది క్వాలిటీ ఆఫీసరు. నలభై దాటని మనిషి, ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు ఎప్పుడూ ఫొటో పైకే తిరిగి ఉండేది. చెడ్డవాడు కాదు. లెక్కలూ గడువులూ ఆయన ప్రాణం. కింద ఉన్నది మెడికల్ వార్డు డాక్టరమ్మ. పొడుగు మనిషి కాబట్టి అందరూ పొడుగమ్మ అనేవారు, ఆమె ఎదురుగా కూడా. గడుల్లో ఏం రాయాలో తేల్చేది ఆవిడ, రాసేది కామా అక్క.

మొదటి వారం నమూనా కాగితాలు తయారు చేశారు. పొడుగమ్మ ఒక నియమం పెట్టింది. పాత వచనంలో ఉన్నదే గడిలోకి రావాలి, లేనిది ఊహించి కలపకూడదు, అనుమానం ఉంటే తనను అడగాలి. కామా అక్కకు ఈ నియమం కొత్తగా అనిపించలేదు. ఆమె మాత్రం మందుల గడి దగ్గర ఆగింది. ఒకటే పట్టీ ఉంటే వాడవలసినవి కనపడతాయి, ఆపినవి మాయమైపోతాయి. అత్తగారి నుదుటి మీద మచ్చ ఆమెకు రోజూ కనపడుతూనే ఉంది. ఆపిన మందులకు వేరే వరస, కొత్తవాటికి ఒక వరస, మోతాదు మారినవాటికి ఒకటి, మునుపటిలాగే వాడేవాటికి ఒకటి కావాలని అడిగింది. ఆపినదాని పక్కన ఎందుకు ఆపారో కూడా ఒక ముక్క ఉండాలంది. పొడుగమ్మ ఒప్పుకుంది. క్వాలిటీ ఆఫీసరు కాగితం రెండో పేజీకి పోతుందని నసిగాడు, చివరికి ఆయనా సరేనన్నాడు.

నమూనా ఒకటి ఇంటికి తీసుకెళ్ళి, పేరు కొట్టేసి, సాయంత్రం అత్తగారికి చదివి వినిపించింది. కడుపులో పుండు నుంచి రక్తం పోయిన రోగి కాగితమది. ఇనుము మాత్రలు రాసి ఉన్నాయి. జాగ్రత్తల గడిలో ‘మెలీనా ఉంటే వెంటనే రావాలి’ అని ఉంది.

“మెలీనా ఎవరు?” అంది అత్తగారు.

మలం నల్లగా రావడమని కోడలు చెప్పింది.

“మరి ఇనుము మాత్రలేసుకుంటే నల్లగానే వస్తుంది కదే. నాకూ వచ్చింది. అప్పుడు రోజూ పరిగెత్తుకుంటూ రావాలా? లేకపోతే అసలు రావొద్దా?”

కోడలు ఆ ప్రశ్న కాగితం అంచున రాసుకుంది. మర్నాడు పొడుగమ్మను అడిగింది. పొడుగమ్మ పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి కొత్త వాక్యం చెప్పింది. ‘ఇనుము మాత్రల వల్ల మలం ముదురు రంగులో రావడం మామూలే. అది తారులా జిగటగా, గట్టి దుర్వాసనతో వస్తే, లేదా రక్తం వాంతి అయితే, కళ్ళు తిరిగితే, వెంటనే అత్యవసర విభాగానికి రావాలి.’ ఆ వాక్యం తర్వాత ఇనుము మాత్రలున్న అన్ని కాగితాల్లోకీ వెళ్ళింది. అత్తగారికి ఈ విషయం చెబితే, ఊరికే చెప్పానా అన్నట్టు తలాడించి, రాత్రి కూరలో ఉప్పు తక్కువైందని కూడా చెప్పింది.

నమూనా కుదిరాక అసలు పని మొదలైంది. గడిచిన పది వారాల్లో మెడికల్ వార్డు నుంచి ఇంటికి వెళ్ళిన వాళ్ళు మూడు వందల ఎనభై ఆరుగురు. వాళ్ళలో చాలామంది ఇంకా ఓపీకి, అంటే బయటి విభాగానికి, వస్తూ పోతూ ఉన్నారు. వాళ్ళ పాత సారాంశాలన్నీ కొత్త గడుల్లోకి మార్చాలి. మూడు వారాల్లో బయటి నుంచి తనిఖీకి వస్తున్నారు, అప్పటికి ఒక్క ఎర్రగీత కూడా ఉండకూడదు.

కామా అక్క రోజుకు పాతిక ముప్ఫై చేసుకుంటూ పోయింది. మందులు తేలిగ్గానే వచ్చాయి. తేదీలు కొంచెం ఇబ్బంది పెట్టాయి. ‘వారం తర్వాత’ అంటే ఏ రోజని లెక్కపెట్టి, ఆ రోజు ఆ డాక్టరు బయటి విభాగంలో కూర్చుంటాడో లేదో చూసుకోవలసి వచ్చింది. చిక్కంతా నాలుగో గడి దగ్గర వచ్చింది. చాలా కాగితాల్లో పరీక్షల ఊసే లేదు. ఊసు లేదంటే పరీక్షలేవీ మిగిలి లేవని అర్థమా, ఎవరూ రాయలేదని అర్థమా?

ఆమె వార్డుకు వెళ్ళి నమూనాల పుస్తకం అడిగి తెచ్చుకుంది. రక్తం గానీ, ఒంట్లోంచి తీసిన ముక్క గానీ ల్యాబుకు పంపినప్పుడు నర్సులు అందులో ఒక వరసలో రాస్తారు, ఫలితం తిరిగొచ్చినప్పుడు పక్క వరసలో టిక్కు పెడతారు. రోగి వెళ్ళే రోజుకు అన్నిటికీ టిక్కు ఉంటే ‘లేవు’ అని కొట్టింది. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక వేలు పుస్తకం మీద, ఒక చెయ్యి కీబోర్డు మీద. పని సగానికి సగం నెమ్మదించింది. మూడు వందల నలభై అయిదు కాగితాలు అలా తేలాయి. మిగిలిన నలభై ఒకటి తేలలేదు. పంపినట్టు రాసి ఉంది, వచ్చినట్టు టిక్కు లేదు. వాటి గడుల్లో ఆమె ‘తెలియదు’ అని కొట్టింది.

తనిఖీ ఇంకా అయిదు రోజులుందనగా క్వాలిటీ ఆఫీసరు ఆమె బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో పట్టీ ఉంది. తెలియదు అని రాస్తే వచ్చినవాళ్ళు నవ్విపోతారని, ఆసుపత్రికే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“అక్కా, ఇంత చేశావు. ఆ నలభై ఒకటీ ‘లేవు’ అని కొట్టేయ్. తర్వాత తీరిగ్గా చూసుకుందాం.”

“‘లేవు’ అంటే ఎవరో చూసి చెప్పిన మాట సార్. ఇక్కడ ఎవరూ చూడలేదు.”

“చూడలేదని నీకెలా తెలుసు?”

“అదే సార్ నేనూ రాసింది. తెలియదనే రాశాను.”

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు, వెటకారమేమోనని. అది వెటకారం కాదు. రెండు రోజులు గడువివ్వమని, తేల్చి ఇస్తానని ఆమె అడిగింది. ఆయన పట్టీని మడిచి జేబులో పెట్టుకుని, రెండంటే రెండే అన్నాడు. పక్క బల్ల దగ్గరి గుమాస్తా, కందకు లేని దురద కత్తిపీటకెందుకని గొణిగాడు. ఆమె ఆ నలభై ఒక్క పేర్లూ ఒక కాగితం మీదికి ఎక్కించుకుంది. ఆ సామెత ఆమెకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు, సగం సార్లు తన గురించే విన్నది.

మధ్యాహ్నం భోజనం మానుకుని నలభై ఒక్క పేర్ల పట్టీ పట్టుకుని బయటి విభాగానికి వెళ్ళింది. అక్కడి చీటీలు తిరగేస్తే ఇరవై తొమ్మిది మంది సంగతి తేలింది. వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు డాక్టర్లు ఫలితాలు చూశారు, రాశారు. వార్డు పుస్తకంలో టిక్కు మాత్రం ఎవరూ పెట్టలేదు. మిగిలిన పన్నెండు పేర్లతో ల్యాబుకు వెళ్ళింది.

ల్యాబు పెద్దాయన మందపాటి కళ్ళద్దాల మనిషి. ఆమె నోరు తెరవకముందే, మా దగ్గర ఏదీ ఆగదు, అంతా ఏ రోజుది ఆ రోజే పంపేస్తామని మొదలుపెట్టాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన వరస. ఆమె ఎవరినీ ఏమీ అనడానికి రాలేదని, పంపిన తేదీలు మాత్రం కావాలని చెప్పింది. ఆయన చల్లబడి బట్వాడా పుస్తకం తీశాడు. పన్నెండూ పంపారు. వార్డులో అందుకున్నట్టు సంతకాలున్నాయి.

వార్డులో నర్సమ్మ చెప్పింది కూడా నిజమే. ఫలితం వచ్చేసరికి రోగి ఇంటికి వెళ్ళిపోయి ఉంటాడు, కేసు షీటు కిందికి, రికార్డుల గదికి వెళ్ళిపోయి ఉంటుంది, అలాంటి కాగితాన్ని రికార్డులకే పంపుతాం, అంతకు మించి మాకు ఏం చెయ్యాలో చెప్పినవాళ్ళు లేరంది.

అంటే అవి తన గదిలోనే ఉన్నాయి. కిటికీ పక్క బీరువాలో కింది అరకు ‘ఆలస్యంగా వచ్చినవి’ అని చీటీ అంటించి ఉంటుంది. మూడు నెలలకొకసారి అటెండరు వాటిని తీసి ఎవరి కేసు షీటులో వాళ్ళది కలిపి దారంతో కుడతాడు. చదవడం అతని పని కాదు. ఎవరి పనీ కాదు. ఆమె కుర్చీ నుంచి ఆ అరకు పదకొండు అడుగుల దూరం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రోజూ దాని ముందు నుంచే మంచినీళ్ళకు వెళ్ళి వచ్చింది.

నేల మీద కూర్చుని కట్టలు విప్పింది. పన్నెండూ దొరికాయి. వాటిని తీసుకుని పొడుగమ్మ గదికి వెళ్ళింది. పొడుగమ్మ ఒక్కొక్కటీ చదువుతూ ఎడమ వైపో కుడి వైపో పెట్టింది. తొమ్మిది ఎడమ వైపు వెళ్ళాయి. భయపడేదేమీ లేదు, అయినా వాళ్ళకు చెప్పాలి. మూడు కుడి వైపు వెళ్ళాయి. వాటిలో మూడోదాన్ని రెండుసార్లు చదివి, ఈ మనిషి సారాంశం తీసుకురమ్మంది.

అది ఒక బేకరీ మేస్త్రిది. యాభై ఎనిమిదేళ్ళు. పొయ్యి ముందు నిలబడి మోకాళ్ళు అరిగి, ఏళ్ళ తరబడి నొప్పి మాత్రలు మింగి, కడుపులో పుండై, రక్తం పోయి వచ్చాడు. నోట్లోంచి గొట్టం వేసి కడుపు లోపల చూశారు. పుండు అంచు నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. నొప్పి మాత్రలు ఆపించి, పుండు మానడానికి మందు, రక్తానికి ఇనుము మాత్రలు ఇచ్చి అయిదో రోజున ఇంటికి పంపారు. సారాంశం పేజీ నిండుగా ఉంది. పద్దెనిమిదో వరసలో, పుండు కొలతలకూ ఇనుము మాత్ర పేరుకూ మధ్యలో ఒక వాక్యం. ‘ముక్క పరీక్షకు పంపడమైనది, రిపోర్టులతో మళ్ళీ చూపించుకోవలెను.’

కింద టైపు చేసినవారి పొడి అక్షరాలు ఆమెవే.

ఆ వాక్యం ఆమెకు గుర్తుంది కూడా. కామా సరిగ్గానే ఉంది. అర్థం తెలియని మాట ఒక్కటీ లేదు. అందుకే ఆ రోజు ఫోను చెయ్యలేదు. రిపోర్టులు ఎవరు తెస్తారు, ఎప్పుడు వస్తాయి, రాకపోతే ఎవరు అడుగుతారు అనే ప్రశ్నలు ఆ వాక్యంలో ఎక్కడా కనపడలేదు. మాట తప్పుగా ఉంటే ఆమె పట్టుకునేది. మాట లేకపోవడాన్ని పట్టుకోవడం ఆమెకు అప్పటికి రాలేదు.

ఫలితంలో కాన్సరు కణాలున్నాయని రాసి ఉంది. ల్యాబు ఆ కాగితం పంపి నాలుగు వారాలు దాటింది.

పొడుగమ్మ ఆమెను ఏమీ అనలేదు. సంతకం నాదే, అంది. కాగితం అడుగున నిజంగానే ఆ సంతకం ఉంది. ఫోను నంబరు కోసం పేజీని పై నుంచి మళ్ళీ చూసింది. కిటికీ బయట ఆక్సిజన్ సిలిండర్లు దింపుతున్న చప్పుడు వినపడుతోంది.

కాగితంలో ఉన్న ఫోను నంబరు బేకరీది. పొడుగమ్మే చేసింది, ఫోనులో జబ్బు పేరు చెప్పలేదు. రిపోర్టు వచ్చింది, రేపు పొద్దున ఇంట్లోవాళ్ళను ఒకరిని వెంటబెట్టుకుని రమ్మంది. అవతల నుంచి మనిషి గొంతు ఎంత హుషారుగా, గట్టిగా ఉందంటే బల్లకు ఇవతల కూర్చున్న కామా అక్కకు కూడా వినపడింది.

“నాకిప్పుడు బ్రహ్మాండంగా ఉంది డాక్టరమ్మా. మంట లేదు, ఏం లేదు. రిపోర్టులొచ్చాక రమ్మన్నారు కదా, రాలేదేమో అనుకుని ఊరుకున్నాను.”

మందు వాడుతుంటే మంట తగ్గుతుంది, లోపల ఏముందన్నది వేరే సంగతి. ఆ మాట మర్నాడు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. అతని వెంట భార్య వచ్చింది. పిండి కొట్లో పనిచేసే మనిషి, మణికట్టు దాకా తెల్లగా ఉంది. కామా అక్క ఆ గదిలోకి వెళ్ళలేదు. వెళ్ళవలసిన పని లేదు. తలుపు బయట బెంచీ మీద కొంతసేపు కూర్చుని, లేచి తన గదికి వచ్చి, మిగిలిన పదకొండు కాగితాల నాలుగో గడులు నింపింది. పరీక్ష పేరు, పంపిన తేదీ, వచ్చిన తేదీ, ఫలితం చూసిన డాక్టరు, రోగికి చెప్పారో లేదో.

కుడి వైపు పెట్టిన మిగతా రెండింటిలో ఒకామెకు మెడ దగ్గర గడ్డలో క్షయ అని తేలింది. ఆమెను పిలిపించి మందులు మొదలుపెట్టారు. ఇంకొకరి నంబరు పనిచెయ్యలేదు. ఉత్తరం రాస్తే చిరునామాలో లేరని తిరిగొచ్చింది. ఆయన సంగతి ఇప్పటికీ తెలియదు.

రెండు రోజుల గడువు తీరేసరికి క్వాలిటీ ఆఫీసరు వచ్చాడు. ఎర్రగీతలు లేవు. ‘తెలియదు’లు కూడా లేవు, నంబరు పనిచెయ్యని మనిషికి ఫలితం చేరిందా అన్నచోట ఒక్కటి తప్ప. జరిగింది పొడుగమ్మ ముందే చెప్పింది కాబట్టి ఆయన పట్టీ తియ్యలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ నలభై ఒకటికీ ‘లేవు’ అని కొట్టి ఉంటే ఏమయ్యేదని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆయనకూ తెలుసు.

ఆ ఒక్కటీ అలాగే ఉండనివ్వమని ఆయనే అన్నాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ గడి చూసి అడిగారు. ఆయన దాచకుండా చెప్పాడు. వాళ్ళు రాసుకున్నారు. ఒక మార్కు తగ్గింది. ఆ మార్కు గురించి ఆయన చాలా రోజులు బాధపడ్డాడని గుమాస్తా చెప్పాడు, గుమాస్తా మాట సగం నమ్మాలి.

ఆ తర్వాత నాలుగో గడి మారింది. కామా అక్క అడిగినట్టే దాన్ని అయిదు ముక్కలు చేశారు. ఏ పరీక్ష, ఎప్పుడు పంపారు, ఎప్పటికి వస్తుంది, ఫలితం చూసే డాక్టరు ఎవరు, రోగికి ఎవరు ఎలా చెబుతారు. ‘రిపోర్టులతో రావలెను’ అనే మాట వాడకూడదని వార్డు గోడ మీద రాసి అంటించారు. ఫలితం ఉన్నా లేకున్నా రావలసిన తేదీ రాయాలి. ‘లేవు’ అని కొట్టాలంటే నమూనాల పుస్తకం చూసినవారి పొడి అక్షరాలు పక్కన ఉండాలి. కిటికీ పక్కన అర తీసేశారు. వార్డుకు ఆలస్యంగా వచ్చిన ప్రతి ఫలితం డాక్టరు చదివి సంతకం పెట్టాకే కిందికి రావాలి.

ఇల్లు అలకగానే పండుగ కాదు. మొదటి నెలలో కొందరు డాక్టర్లు చూసే డాక్టరు పేరు దగ్గర ‘వార్డు డాక్టరు’ అని రాసి ఊరుకున్నారు. కామా అక్క ఫోను చేసి, వార్డు డాక్టరంటే ఎవరు సార్ అని అడిగింది. ఆమె ఫోను వస్తోందంటే కొందరు తియ్యడం మానేశారు. అప్పుడు ఆమె మెట్లెక్కి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆమెకూ మోకాళ్ళ నొప్పులున్నాయి. అయినా మూడంతస్తులు ఎక్కి వచ్చిన మనిషిని చూసి ఎవరూ కాదనలేకపోయారు.

బేకరీ మేస్త్రికి స్కానింగులు చేశారు. జబ్బు కడుపు దాటి పోలేదని తేలింది. కడుపులో కొంత భాగం తీసేశారు. పదకొండో రోజున ఇంటికి పంపుతున్నప్పుడు అతని సారాంశం కామా అక్క బల్ల మీదికి వచ్చింది. ఈసారి ఆమె దాన్ని టైపు చేసి అటెండరుకు ఇవ్వకుండా తనే వార్డుకు తీసుకెళ్ళింది. నర్సమ్మ మంచం పక్కన నిలబడి ఒక్కో భాగం చదివి వినిపిస్తుంటే పక్కన నిలబడింది. అతను చిక్కిపోయి ఉన్నాడు. పొయ్యి వేడికి కమిలిన ముంజేతులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆపిన మందుల వరసలో నొప్పి మాత్ర పేరు ఉంది. మేస్త్రి దాన్ని విని, మరి ఎర్ర పెట్టెలో వచ్చేది వేసుకోవచ్చా అని అడిగాడు. ఎర్ర పెట్టె ఏమిటని నర్సమ్మ అడిగితే భార్య సంచిలోంచి తీసి చూపించింది. కంపెనీ పేరే వేరు, లోపల మందు అదే. నర్సమ్మ ఆ పేరు కూడా వరసలో చేర్చమంది. కామా అక్క కిందికి వెళ్ళి, డాక్టరుతో సరేననిపించుకుని, మార్చి, మళ్ళీ పైకి వచ్చింది. అప్పటికి మూడో భాగం అయిపోయింది. నాలుగోదాంట్లో తీసిన ముక్కల పరీక్ష ఉంది. పన్నెండో తేదీకి వస్తుంది. చూసేది ఆపరేషన్ చేసిన డాక్టరు. పద్నాలుగున ఫోను చేస్తారు, ఫోను రాకపోయినా పదహారున రావాలి.

నర్సమ్మ, ఇప్పుడు నువ్వు చెప్పు, ఏం చెయ్యాలో, అంది. అర్థమైందో లేదో చూడటానికి తిప్పి చెప్పించుకోవడం కూడా కొత్త పద్ధతిలో భాగమే. మేస్త్రి తడుముకుంటూ చెప్పాడు. కొంచెం కొంచెం ఎక్కువసార్లు తినాలి. ఎర్ర పెట్టె పారెయ్యాలి. తారులా వస్తే, రక్తం కక్కితే, జ్వరమొస్తే పరిగెత్తుకు రావాలి. పదహారున రావాలి.

“ఫోను రాకపోతే?” అంది నర్సమ్మ.

“రాకపోయినా పదహారునే.”

వెళ్ళే ముందు భార్య కామా అక్కను చూసి, మీరు ఏ విభాగం అమ్మా అని అడిగింది. టైపు చేస్తాను అంది ఆమె. భార్య తలూపి, సంచి సర్దుకుని, భర్త చెప్పులు మంచం కింద నుంచి కాలితో ఇవతలికి లాగింది. ఎవరు వెతికారో, ఎక్కడ దొరికిందో ఆ దంపతులకు ఎవరూ చెప్పలేదు. నాలుగు వారాలు ఆలస్యమైందని మాత్రం పొడుగమ్మ మొదటి రోజే చెప్పి, తప్పు మాదేనని ఒప్పుకుంది.

పన్నెండున వచ్చిన ఫలితం బాగానే ఉంది. పద్నాలుగున ఫోను చేశారు. పదహారున అతను వచ్చాడు, ఆ తర్వాత చెప్పిన తేదీలకల్లా వచ్చాడు. ఏడాది తిరిగేసరికి బేకరీలో సగం పూట పని చేస్తున్నాడని, పొయ్యి దగ్గర కాకుండా పిండి కలిపే చోట కుర్చీ వేయించుకున్నాడని బయటి విభాగం చీటీలో ఎవరో డాక్టరు రాశాడు. వృత్తి అనే గడిలో రాయవలసింది ఒక్క మాటే అయినా, ఆ రోజు ఆయనకు తీరిక ఉన్నట్టుంది.

కామా అక్క ఇంకో నాలుగేళ్ళు పనిచేసింది. ఆఖరి ఏడాది కొత్తగా చేరిన ఇద్దరు టైపిస్టులకు పని నేర్పమన్నారు. ఆమె వాళ్ళకు ముందుగా కామాల గురించి చెప్పలేదు. ఒక పాత సారాంశం చేతికిచ్చి, ఇందులో ఏం లేదో చెప్పండి అంది. వాళ్ళు తప్పులు వెతికారు. తప్పులు లేవు అన్నారు. తప్పులు అడగలేదమ్మా, లేనివి అడిగాను అని ఆమె మళ్ళీ చెప్పి, వాళ్ళు చదువుతుంటే కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది.